ఒక సైజు పెద్దది

బట్టల షాపులో మార్పిడి కౌంటర్ ఎక్కడ పెట్టాలో యజమానులకి బాగా తెలుసు. కొనేవాళ్ళ కంట పడకూడదు, తిరిగి ఇచ్చేవాళ్ళకి ఓ పట్టాన దొరకకూడదు. అందుకే ఆ మూడంతస్తుల షాపులో అది మెట్ల కింద, చీపుళ్ళ గదికి ఆనుకుని ఉంది. ఏడేళ్ళుగా అక్కడ కూర్చుంటున్న ఆవిడని షాపులో అందరూ మార్పిడక్క అంటారు. మేనేజరు కూడా అంతే. ఆవిడకి వేరే పేరుందన్న సంగతి జీతాల కాగితం మీద తప్ప ఎక్కడా కనపడదు.

మార్పిడక్క పనిలో దిట్ట. ఒప్పుకోవలసిందే. వచ్చినవాడు సంచిలోంచి చొక్కా తీసేలోపు అది భుజాల దగ్గర పట్టేసిందా, పొడవు చాలలేదా, లేక రంగు చూసి మొహం మొత్తిందా అన్నది ఇట్టే చెప్పేస్తుంది. కారణం మాత్రం అడగదు. అడగకూడదన్నది షాపు నియమం, ఆవిడ నియమం కూడా. అయినా జనం చెబుతారు. బహుమతిగా వచ్చినదాన్ని వెనక్కి తెచ్చినవాడికి ఏదో తప్పు చేస్తున్నట్టుంటుంది కాబోలు, సంజాయిషీ చెప్పుకోకపోతే కాలు కదలదు. మా అత్తగారు ఇచ్చారండీ అని మొదలుపెట్టి, అత్తగారి పుట్టుపూర్వోత్తరాలన్నీ కౌంటర్ మీద పరిచేసి, ఆఖర్న ఇదే గోధుమ రంగులో ఉందా అని అడుగుతారు.

బిల్లింగులో కొత్తగా చేరిన అమ్మాయిలకి పాఠం చెప్పేది కూడా ఆవిడే. "ఎవరికైనా ఇవ్వడానికి కొంటున్నారా అని అడగండి. అవునంటే గిఫ్ట్ స్లిప్పు తియ్యండి. దాని మీద ధర ఉండదు. వస్తువు నంబరు, కొన్న తేదీ, మార్చుకోవడానికి ఆఖరి తేదీ, గీతల కోడ్, అంతే. నాలుగు వస్తువులు కొంటే నాలుగు స్లిప్పులు విడివిడిగా తియ్యండి. నలుగురికీ కలిపి ఒక్కటిస్తే వాళ్ళలో వాళ్ళు దానికోసం ఫోన్లు చేసుకోవాలి. స్లిప్పు పెట్టెలో వెయ్యమనండి. ట్యాగ్ తెంపొద్దని చెప్పండి. ఇచ్చే రోజు ఇంకా దూరముంటే, ముప్పై రోజులు ఇవాళ్టి నుంచే మొదలవుతాయని గుర్తుచెయ్యండి."

"స్లిప్పు పెడితే బహుమతి నచ్చదేమోనని ముందే అనుకున్నట్టు ఉండదా అక్కా?" అని ఒకమ్మాయి అడిగింది.

"పెట్టకపోతే ఏమవుతుందో తెలుసా? నచ్చకపోయినా నచ్చిందని చెప్పి బీరువా అడుగున పడేస్తారు. స్లిప్పు పెట్టడమంటే, నా మీద మొహమాటం పెట్టుకోకు, నీకు నప్పింది తీసుకో అని చెప్పడమే. ఎవరు మార్చారో, ఏం తీసుకున్నారో కొన్నవాళ్ళకి మనం చెప్పం. అదీ మర్యాద."

ఎంత చక్కగా చెప్పిందో చూశారా. ఆ మర్యాదని ఆవిడ ఆరేళ్ళుగా తుంగలో తొక్కుతోందని ఆ అమ్మాయిలకి తెలియదు.

మార్పిడక్కకి ఒక చెల్లెలుంది. పదకొండేళ్ళ తేడా. తల్లి పోయేనాటికి చెల్లెలికి ఎనిమిదేళ్ళు, ఈవిడకి పందొమ్మిది. అప్పటినుంచి తిండీ బట్టా చదువూ అన్నీ అక్కే చూసింది. కొన్న ప్రతి గౌనూ, ప్రతి జోడూ ఒక సైజు పెద్దదే కొంది. ఎదిగే పిల్ల, రెండేళ్ళు రావాలి. చేతులు మడిచి కుట్టేది, బూట్ల ముందు దూది కుక్కేది. రెండేళ్ళకి బట్ట సరిపోయేసరికి వెలిసిపోయేది, మళ్ళీ ఒక సైజు పెద్దది వచ్చేది. లేమిలో మొదలైన అలవాటు, చేతిలో నాలుగు డబ్బులు ఆడాక కూడా పోలేదు. ఇరవై ఆరేళ్ళొచ్చిన చెల్లెలికి మొదటి పెద్ద ఉద్యోగం ఇంటర్వ్యూ కోసం కోటు కొన్నప్పుడూ అంతే. వేళ్ళ దాకా దిగిన చేతులతో ఆ పిల్ల నలుగురి ముందూ కూర్చుని వచ్చింది. ఉద్యోగం రాలేదు. కోటు వల్లే రాలేదని ఎవరూ అనలేదనుకోండి.

ఆ సాయంత్రం కోటు విప్పి మంచం మీద పెట్టి చెల్లెలు అంది. "నువ్వు కొనేదెప్పుడూ రేపటి నాకోసమే అక్కా. ఇవాళ నీ ముందున్న నన్ను ఒక్కసారైనా చూశావా?"

"ఒళ్ళు చేస్తావని కొన్నానే. కాస్త వదులుంటే ఏమైంది?"

"నాకింక ఎదగడాలు లేవు. ఇంతే నేను."

నెల తిరక్కుండా ఆ పిల్ల తనకి నచ్చినవాడిని పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయింది. అక్కని పిలవలేదు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. రెండోసారి చేస్తే, నాకు చెయ్యాలనిపించినప్పుడు నేనే చేస్తాను, నువ్వు చెయ్యొద్దు అని పెట్టేసింది. ఈవిడకి ఇల్లు భూతంలా అనిపించి, రోజంతా మనుషుల్లో ఉండొచ్చని ఈ షాపులో చేరింది. చేరిన సంగతి చెల్లెలికి తెలియదు.

మరుసటి ఏడు చెల్లెలి పుట్టినరోజుకి ఆ పిల్ల స్నేహితురాలి దగ్గర అడ్రసు సంపాదించి స్వెటరు పంపింది. లార్జ్. అప్పుడు కావాలని కాదు, చెయ్యి అలవాటుగా అటే వెళ్ళింది. చీటీ మీద 'అక్క' అని మాత్రం రాసి, గిఫ్ట్ స్లిప్పు పెట్టెలో వేసింది. అసలు బిల్లు తన దగ్గర ఉంచుకుంది. నాలుగు రోజుల తరువాత కౌంటర్ ఖాళీగా ఉన్నప్పుడు ఆ బిల్లు నంబరు కంప్యూటర్లో కొట్టింది. తెర మీద ఒక్క వరుస. మార్పిడి అయింది, ఊరవతలి బ్రాంచి, లార్జ్ ఇచ్చి మీడియం.

ఆ వరుసని ఆవిడ ఎన్నిసార్లు చదివిందో లెక్కలేదు. పెట్టె చేరింది. చెల్లెలు విప్పింది, వేసుకుని చూసుకుంది, తనకి నప్పింది తెచ్చుకుంది. విసిరి కొట్టలేదు. సంవత్సరం తరువాత చెల్లెలి నుంచి వచ్చిన మొదటి కబురు అదే. చీపుళ్ళ గదిలోకి వెళ్ళి తలుపేసుకుని తనివితీరా ఏడ్చింది.

రెండో ఏడు ఒక చేతిలో మీడియం, ఒక చేతిలో లార్జ్ పట్టుకుని రాక్ ముందు చాలాసేపు నిలబడింది. మీడియం సరిపోతుంది. ఖాయం. సరిపోతే మార్చరు. మార్చకపోతే తెర మీద ఏ వరుసా రాదు. పెట్టె అందిందో లేదో, మనిషి ఎలా ఉందో ఏమీ తెలియదు. మీడియం తిరిగి రాక్‌కి తగిలించి లార్జ్ కొంది.

అప్పటినుంచి ఏటా అంతే. తెలిసి తెలిసి, ఒక సైజు పెద్దది. ఎవరైనా వేరేవాళ్ళు ఇలా చేశారని తెలిస్తే ఆవిడే నాలుగు చీవాట్లు పెట్టేది. తన దాకా వచ్చేసరికి అది తప్పుగా తోచలేదు. మూడో ఏడు లార్జ్ ఇచ్చి డబుల్ ఎక్సెల్ తీసుకున్నట్టు వచ్చింది. మార్పిడక్క గుండె గంతులేసింది. మీడియం మనిషికి ఉన్నట్టుండి డబుల్ ఎక్సెల్ ఎందుకు? ఇంకెందుకు. నెలలు లెక్కపెట్టుకుంది. నాలుగో ఏడు మళ్ళీ మీడియం వచ్చింది, అంటే కాన్పు అయింది. ఐదో ఏడు స్మాల్ వచ్చింది. పసిదాని వెనక పరుగెత్తి చిక్కిపోయిందని బెంగపడింది. పసిదే అని ఎందుకనుకుందో తెలియదు, ఆడపిల్ల అనుకుంది. పిల్లల విభాగం మీదుగా వెళ్ళేటప్పుడు మూడేళ్ళ సైజు గౌన్లని వేళ్ళతో తాకి వెళ్ళేది. మనసులో ఆ పిల్లకి జుట్టు కూడా దువ్వేది. ఆ పిల్లకి మాత్రం సరిగ్గా సరిపోయేవే కొంటానని ఒట్టు పెట్టుకుంది.

ఆరో ఏడు నీలం ఉన్ని కోటు పంపింది. లార్జ్. ఈసారి నాలుగు రోజులు కాదు, పది దాటాయి, ఇరవై దాటాయి. రోజూ పొద్దున్నే బిల్లు నంబరు కొట్టేది. మార్పిడి కాలేదు. ఇరవై ఐదో రోజుకి ఆవిడకి తిండి సయించడం మానేసింది. ఒంట్లో బాగోలేదా, ఊరు మారారా, పెట్టె దారిలో పోయిందా. ముప్పై రోజులు దాటితే ఈ ఏటి కబురు ఇక లేనట్టే.

ఇరవై ఎనిమిదో రోజు మధ్యాహ్నం ఒకతను మెట్ల కిందికి తల వంచుకుని వచ్చాడు. ముప్పై ఐదేళ్ళుంటాయి, చేతిలో షాపు పెట్టె.

"మార్చుకునేది ఇక్కడేనాండీ? మా దగ్గరున్న బ్రాంచి మూసేశారు. రెండు బస్సులు మారి వచ్చాను."

"ఇక్కడే. స్లిప్పు ఉందా బాబూ?"

ఉందన్నాడు. పెట్టె మూత తీశాడు. నీలం ఉన్ని కోటు, తను మడిచిన మడతల్లోనే ఉంది. లోపలి పల్చటి కాగితం కూడా నలగలేదు. మార్పిడక్క స్లిప్పు అందుకుని కోడ్ మీద ఎర్ర వెలుగు పెట్టింది. తెర మీద ఆవిడకి కంఠస్థమైన బిల్లు నంబరు వచ్చింది.

కోటుని తిప్పి ట్యాగ్ చూస్తున్నట్టు నటించింది. ఇతనే మరిది. ఎదురుగా, కౌంటర్‌కి అవతల. ఫొటోలోనైనా చూసి ఎరగని మనిషి. నేనే అని చెప్పేయాలనిపించింది. నోట్లోంచి మాత్రం రోజూ వచ్చే మాటే వచ్చింది. "ట్యాగ్ ఉంది, గడువు ఇంకా రెండు రోజులుంది. ఏ సైజు ఇమ్మంటారు?"

"డబుల్ ఎక్సెల్ ఉంటే ఇవ్వండి."

ఆవిడ మొహం విచ్చుకుంది. మళ్ళీనా. "ఉంది. ఇంట్లో విశేషమా బాబూ?"

ఏడేళ్ళలో ఆ కౌంటర్ దగ్గర ఆవిడ అడిగిన, పనికి సంబంధం లేని మొదటి ప్రశ్న అది. అతను అర్థం కానట్టు చూసి, అర్థమయ్యాక కాస్త నవ్వాడు. "అబ్బే, లేదండీ. మా అమ్మకి. ఆవిడ కాస్త భారీ మనిషి. మూడేళ్ళ క్రితం కూడా ఒకటి ఇలాగే అమ్మకి మార్చాను."

"మూడేళ్ళ క్రితం," అంది మార్పిడక్క.

"అవునండీ. నిరుడొచ్చింది పక్కింటమ్మాయికి ఇచ్చాం. సన్నగా ఉంటుంది, స్మాల్ సరిపోయింది."

"మరి పిల్లలకేమైనా..."

"మాకు పిల్లలు లేరండీ."

మార్పిడక్క మూడేళ్ళుగా మనసులో జుట్టు దువ్విన పిల్ల ఒక్క మాటతో లేకుండా పోయింది. ఎవరితో చెప్పుకుంటుంది? చనిపోయిందని అనడానికైనా పుట్టి ఉండాలి కదా.

అతను మాత్రం అందరిలాగే సంజాయిషీలో పడ్డాడు. "వచ్చింది మా ఆవిడకేనండీ. వాళ్ళక్క ఏటా పంపుతుంది. ఎప్పుడూ పెద్ద సైజే. మొదటి ఏడు తనే మా బ్రాంచికి వెళ్ళి మీడియం మార్చుకుంది. కొత్తగా ఎడం అయ్యాం కదా, అక్క పొరపాటు పడిందిలే అంది. ఆ స్వెటరు చిరిగేదాకా వేసుకుంది."

"తరువాత?"

"రెండో ఏడూ అంతే వచ్చింది. అప్పటినుంచి మార్చే పని నాదే. కానీ పెట్టె వచ్చిన రోజు తప్పకుండా వేసుకుని చూస్తుందండీ. అద్దం ముందు నిలబడి చేతులు ఇలా కిందికి వదులుతుంది. వేళ్ళ దాకా వస్తాయి. విప్పేసి మడిచేస్తుంది. ఒకసారి నాతో అంది, ఎప్పుడైనా సరిగ్గా సరిపోయేది వస్తే ఆ నిమిషంలోనే అక్కకి ఫోన్ చేస్తాను, అప్పటికి నేనెవరో తనకి కనపడినట్టే అని. నవ్వుతూనే అందిలెండి. కానీ అలా ఐదేళ్ళు చూసింది." అతను కోటు మీద చెయ్యి వేసి తీశాడు. "ఈ ఏడు వేసుకోలేదు. ట్యాగ్ చూసి మూత పెట్టేసింది. నెల్లాళ్ళు బల్ల కింద ఉంది పెట్టె. నిన్న నేనే తీశాను, గడువు పోతుందని."

ఇలాంటప్పుడు నోరు మూసుకోవడం మార్పిడక్కకి బాగా తెలిసిన విద్య. రోజుకి ముప్పైమంది కథలు విని ఒక్కదానికీ జవాబివ్వని మనిషి. ఆ రోజు ఆ విద్య అక్కరకు రాలేదు.

"నేనే బాబూ ఆ అక్కని."

అతను నమ్మలేదు. కౌంటర్ వెనక గోడని, కంప్యూటర్‌ని, ఆవిడని మార్చి మార్చి చూశాడు. ఆవిడ సొరుగులోంచి ఆరు బిల్లులు తీసి వరసగా పెట్టింది. వేడితో అచ్చయ్యే కాగితాలు కదా, పాతవి వెలిసిపోయి ఖాళీ కాగితాల్లా ఉన్నాయి. ఆఖరిదాని మీద నంబరు అతని స్లిప్పు మీదదే.

"వదినగారూ," అన్నాడు. ఆ పిలుపు వినగానే ఆవిడకి కళ్ళు నిండాయి. అంతా సర్దుకుంటుందనిపించింది. ఉన్నదున్నట్టు చెబితే చాలు అనుకుని గబగబా చెప్పేసింది.

"నాకు దాని సైజు తెలుసు బాబూ. మొదటి ఏడే తెలిసింది. మీడియం. ప్రతి ఏడూ మీడియం చేతిలోకి తీసుకుని మళ్ళీ పెట్టేశాను. సరిపోతే మార్చరు, మార్చకపోతే నాకు మీ కబురు తెలియదు. ఈ తెర మీద చూసుకునేదాన్ని. అందుకే పెద్దది పంపాను. తెలియక కాదు. దానికి ఈ మాట చెప్పు బాబూ. అక్కకి తెలుసని చెప్పు."

అతను గొంతు తగ్గించి అన్నాడు. "తెలిసే పంపారా?"

"తెలిసే."

"అయితే ఈ సంగతి తనకి చెప్పకండి వదినగారూ. నేనూ చెప్పను. మీకు తెలియక పంపుతున్నారనుకుంది కాబట్టే ఐదేళ్ళు వేసుకుని చూసింది. తెలిసి కూడా అవే పంపారని తెలిస్తే, అద్దం ముందు నిలబడ్డ ఆ ఐదేళ్ళు కూడా తనకి మిగలవు."

మార్పిడక్కకి ఆ మాట దిగేసరికి కొంచెం సేపు పట్టింది. చెల్లెలు ఏటా అద్దం ముందు నిలబడి ఒక ఫోన్ చెయ్యడానికి కారణం వెతుక్కుంది. ఆ కారణాన్ని తనే ఏటా చేతులారా రాక్‌కి తగిలించి వచ్చింది. కబురు కోసం కబురే రాకుండా చేసుకుంది. ఎవరిని తిట్టాలో తెలియక ఆవిడ కంప్యూటర్‌ వైపు చూసింది.

"వచ్చే ఏడు మీడియం పంపుతాను. సరిగ్గా పంపుతాను," అంది.

"ఇప్పుడు తనది మీడియం కాదండీ."

"మరి?"

అతను చెప్పబోయి ఆగాడు. అతనికీ బాధగానే ఉందని మొహం చెబుతోంది. "నేను చెప్పి మీరు పంపితే అది నేను చెప్పిన సైజే అవుతుంది కదండీ. తను ఎదురుచూసింది అది కాదు."

"ఒక్కసారి వచ్చి చూడనా?"

"అడిగి చూస్తాను," అన్నాడు. ఆ గొంతులో ఏమీ లేదు. ఈ కౌంటర్ దగ్గర ఆవిడ కూడా, పై అంతస్తులో ఉందేమో అడిగి చూస్తానని రోజుకి నలుగురితో అంటుంది. ఉండదని తెలిసి అనే మాట అది.

వెనక ఇద్దరు చేరారు. ఒకావిడ చేతిలో పెట్టె మార్చుకుంటూ గట్టిగా ఊపిరి వదిలింది. మార్పిడక్క లేచి లోపలి అలమరలోంచి డబుల్ ఎక్సెల్ నీలం కోటు తెచ్చింది. భుజాలు దులిపి, ట్యాగ్ సరిచూసి, పాతదాని కోడ్, కొత్తదాని కోడ్ చదివించింది. తెర మీద వరుస వచ్చింది. మార్పిడి అయింది, లార్జ్ ఇచ్చి డబుల్ ఎక్సెల్. ఈసారి దాన్ని చదవలేదు. కోటు మడిచి, పల్చటి కాగితం చుట్టి పెట్టెలో పెట్టింది. ఇరవై నాలుగు గంటలూ ఇదే పని చేసినట్టు ఆ చేతులు వాటంతట అవే కదిలాయి, నోరు కూడా అలాగే అంది.

"ఇంకొకరికి ఇచ్చేది కదా, కొత్త గిఫ్ట్ స్లిప్పు తియ్యమంటారా? గడువు మాత్రం పాత తేదీయే."

"అక్కర్లేదండీ," అన్నాడతను పెట్టె చంకన పెట్టుకుంటూ. "మా అమ్మ సైజు నాకు తెలుసు."

అతను ఆ మాట ఆవిడని నొప్పించాలని అనలేదు. అన్నాక తెలిసింది కాబోలు, తల వంచుకుని మెట్ల కింద నుంచి బయటికి నడిచాడు. మార్పిడక్క లార్జ్ కోటుని హాంగర్‌కి తగిలించింది. ఊపిరి వదిలినావిడ ముందుకొచ్చి, మా ఆడపడుచు ఇచ్చిందండీ అని మొదలుపెట్టింది.